బ్యాంకు గ్యారంటీ డ్రాఫ్ట్‌ను చివరి పేరా నుంచి చదవాలి

బ్యాంకు గ్యారంటీలో ముగ్గురుంటారు. పని చేస్తానని ఒప్పుకున్న గుత్తేదారు ఒకరు, ఆ పని చేయించుకుంటున్న శాఖో కంపెనీయో మరొకరు. గుత్తేదారు మాట తప్పితే ఇంత సొమ్ము చెల్లిస్తానని రెండోవారికి రాసిచ్చే బ్యాంకు మూడోది. గ్యారంటీని కోరి తీసుకునే గుత్తేదారును దరఖాస్తుదారు అనీ, అది ఎవరి పేరున జారీ అవుతుందో వారిని లబ్ధిదారు అనీ అంటారు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 126వ సెక్షన్ హామీ ఒప్పందాన్ని నిర్వచిస్తుంది. అయితే వాడుకలో బ్యాంకు గ్యారంటీకి ఒక ప్రత్యేకత ఉంది. అసలు కాంట్రాక్టులో ఏం రాసుకున్నారన్నది బ్యాంకుకు పట్టదు. తను సంతకం పెట్టిన కాగితంలో ఉన్న మాటలకే అది కట్టుబడుతుంది. ఆ మాటల్లో లేని రూపాయిని, ఆ మాటలు దాటిన రోజును ఎవరూ బ్యాంకు నుంచి రాబట్టలేరు.

డ్రాఫ్ట్‌ను ముందే చూసుకోవడం ఇందుకే. గ్యారంటీని స్టాంపు పేపరు మీదికి ఎక్కించక ముందు బ్యాంకు దాని ముసాయిదాను దరఖాస్తుదారుకు పంపుతుంది. దరఖాస్తుదారు దాన్ని లబ్ధిదారుకు చూపించి, సరేననిపించుకుని తిరిగి బ్యాంకుకు ఇస్తాడు. ఈ దశలో తప్పు దిద్దడానికి ఒక ఈమెయిలు చాలు. జారీ అయ్యాక అదే తప్పు దిద్దాలంటే సవరణ పత్రం కావాలి, దానికి రుసుము కట్టాలి. ఈలోగా టెండరు గడువు దాటిపోతే ధరావతుకే ఎసరు వస్తుంది.

డ్రాఫ్ట్ సాధారణంగా మూడు నాలుగు పేజీలుంటుంది. చదివేవారు మొదటి పేజీలోని ఒప్పందం నంబరు, పార్టీల పేర్లు, పని వివరం ఓపికగా సరిచూస్తారు. చివరి పేజీకి వచ్చేసరికి ఆ ఓపిక సన్నగిల్లుతుంది. అసలు ప్రాణం ఉన్నది అక్కడే. మన బ్యాంకులు ఇచ్చే గ్యారంటీలన్నిటి చివరా దాదాపు ఒకే పేరా ఉంటుంది. ‘పైన ఏమి రాసి ఉన్నప్పటికీ’ అని మొదలయ్యే ఆ పేరాలో మూడు అంశాలుంటాయి. మా బాధ్యత ఇన్ని రూపాయలకు మించదు. ఈ గ్యారంటీ ఫలానా తేదీ వరకు అమల్లో ఉంటుంది. ఫలానా తేదీలోగా మాకు రాతపూర్వకంగా క్లెయిమ్ అందితేనే చెల్లిస్తాం. ‘పైన ఏమి రాసి ఉన్నప్పటికీ’ అన్న ఒక్క మాటతో ముందున్న పేజీలన్నీ ఈ పేరాకు లోబడిపోతాయి. మొదటి పేజీలో ఒక మొత్తం, చివరి పేరాలో మరో మొత్తం ఉంటే చివరిదే నిలుస్తుంది. కాబట్టి డ్రాఫ్ట్‌ను కింది నుంచి పైకి చదవడమే తెలివైన పద్ధతి.

ఒక ఊహాత్మక ఉదాహరణతో చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఒక జిల్లాలో తాగునీటి పథకానికి మోటారు పంపుసెట్లు సరఫరా చేసి బిగించే పని ఒక చిన్న సంస్థకు దక్కింది. జీఎస్టీతో కలిపి ఒప్పందం విలువ రూ.1,86,40,000. అందులో 5 శాతం పనితీరు గ్యారంటీగా ఇవ్వాలి. ఒప్పందం 2025 మార్చి 12న కుదిరింది. పని పూర్తికి గడువు 6 నెలలు, ఆ తర్వాత 12 నెలలు లోపాల బాధ్యత. గ్యారంటీ ఈ బాధ్యతలన్నీ తీరాక మరో 60 రోజులు అమల్లో ఉండాలనీ, ఆపైన 3 నెలల క్లెయిమ్ వ్యవధి ఉండాలనీ టెండరు షరతు. 60 రోజులన్నది గాలిలోంచి పుట్టిన లెక్క కాదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017 కూడా పనితీరు గ్యారంటీ వారంటీతో సహా అన్ని బాధ్యతలూ ముగిశాక 60 రోజుల వరకు చెల్లాలనే చెబుతాయి.

బ్యాంకు పంపిన డ్రాఫ్ట్ మొదటి పేజీలో మొత్తం రూ.9,32,000 అని ఉంది. 1,86,40,000లో 5 శాతం సరిగ్గా అంతే. చివరి పేరాలో మాత్రం ‘మా బాధ్యత రూ.7,90,000కు మించదు’ అని ఉంది. ఈ తేడా ఎక్కడిదో కనిపెట్టడం కష్టం కాదు. మొదట ఎవరో 18 శాతం జీఎస్టీ తీసేసి లెక్క వేశారు. అప్పుడు ఒప్పందం విలువ సుమారు 1.58 కోట్లు, అందులో 5 శాతం సుమారు 7.9 లక్షలు. తర్వాత మొదటి పేజీలో అంకె మార్చారు, చివరి పేజీ మరిచిపోయారు. ఈ డ్రాఫ్ట్ ఇలాగే జారీ అయితే లబ్ధిదారుకు 1,42,000 రూపాయలు గాలికి పోయినట్టే. మొత్తం ఎక్కడెక్కడ కనిపిస్తుందో వెతికి అన్నిచోట్లా ఒకటే ఉందా అని చూడటం అందుకే ముఖ్యం. మామూలు గ్యారంటీలో అది కనీసం మూడు చోట్ల వస్తుంది.

అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి ఉండటం ఇంకో రకం తప్పు. ముప్పై రెండు వేలు ఇరవై మూడు వేలు కావడానికి టైపు చేసేవాడి చేయి ఒకసారి తడబడితే చాలు. చెక్కులకైతే దీనికి చట్టంలోనే పరిష్కారం ఉంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లుతుంది. బ్యాంకు గ్యారంటీ ఆ చట్టం కిందికి వచ్చే పత్రం కాదు. అక్కడ తేడా వస్తే వాదన మొదలవుతుంది, వాదన ఉన్నచోట చెల్లింపు ఆగుతుంది.

మొత్తం పక్కన చేరే చిన్న మాటలను కూడా చూడాలి. ‘మొత్తం లేదా అందులో ఏ భాగమైనా’ అన్న మాట ఉంటే లబ్ధిదారు తనకు కలిగిన నష్టం మేరకు కొంత సొమ్ము మాత్రమే అడగవచ్చు. ఆ మాట లేకపోతే కొంత అడిగినందుకు బ్యాంకు అభ్యంతరం పెట్టే వీలుంటుంది. దరఖాస్తుదారు వైపు నుంచి చూస్తే గమనించాల్సింది వేరే ఉంది. ‘వడ్డీ, ఖర్చులు అదనం’ అన్న ధోరణిలో వాక్యం ఎక్కడైనా చొరబడితే బాధ్యతకు పైకప్పు లేకుండా పోతుంది. అలాంటి వాక్యాన్ని బ్యాంకులు సాధారణంగా ఒప్పుకోవు. ఒప్పుకున్నా చివరి పేరాలోని పరిమితి దాన్ని అడ్డుకుంటుంది.

ఇక తేదీ. ఈ డ్రాఫ్ట్‌లో ‘జారీ అయిన తేదీ నుంచి 18 నెలలు’ అని ఉంది. గ్యారంటీ 2025 మార్చి 27న జారీ కావాలి. అప్పుడు ఆఖరి రోజు 2026 సెప్టెంబరు 26వ తేదీయా, 27వ తేదీయా? జారీ రోజును లెక్కలోకి తీసుకుంటే ఒకటి, తీసుకోకపోతే మరొకటి. నెలల్లో చెప్పిన వ్యవధికి ఉన్న జబ్బు ఇదే. గ్యారంటీలో వ్యవధి రాసినా, దాని పక్కన ఆఖరి తేదీని రోజు, నెల, సంవత్సరంతో స్పష్టంగా రాయించుకోవాలి. 26వ తేదీ అనుకుంటే అది శనివారం, పైగా నెలలో నాలుగో శనివారం. ఆ రోజు బ్యాంకులకు సెలవు. క్లెయిమ్ ఆఖరి తేదీ సెలవు రోజున పడితే అంతకు ముందు పనిరోజుకే అంతా ముగించుకోవడం క్షేమం. అంతకంటే మంచిది డ్రాఫ్ట్‌లోనే పనిరోజు వేయించుకోవడం.

కానీ ఈ డ్రాఫ్ట్‌లో తేదీ అసలే సరిపోదు. ఒప్పందం తేదీ నుంచి 6 నెలలు లెక్కిస్తే పని 2025 సెప్టెంబరు 11కు పూర్తి కావాలి. లోపాల బాధ్యత అక్కడి నుంచి 12 నెలలు, అంటే 2026 సెప్టెంబరు 11 వరకు. దానికి 60 రోజులు కలిపితే 2026 నవంబరు 10. గ్యారంటీ ఆ తేదీ వరకు చెల్లాలి. డ్రాఫ్ట్‌లోని 18 నెలలు సెప్టెంబరు 26కే ముగిసిపోతాయి, అంటే 45 రోజుల లోటు. ఎవరో 6 నెలలకు 12 నెలలు కలిపి 18 అని రాశారు, 60 రోజుల షరతు మరిచారు. టెండరు షరతును డ్రాఫ్ట్ పక్కన పెట్టుకుని వేలితో ఒక్కో తేదీ లెక్కించనిదే ఈ లోటు బయటపడదు, ఎందుకంటే ‘18 నెలలు’ చూడటానికి పూర్తిగా సబబుగానే ఉంటుంది.

తేదీల్లో ఎక్కువ మంది తికమక పడేది చెల్లుబాటు వ్యవధికీ క్లెయిమ్ వ్యవధికీ మధ్య. చెల్లుబాటు వ్యవధి అంటే గుత్తేదారు తప్పు చేస్తే గ్యారంటీ దానికి పూచీ పడే కాలం. క్లెయిమ్ వ్యవధి అంటే ఆ తప్పు గురించి బ్యాంకును అడగడానికి అదనంగా ఇచ్చే కాలం. పంపుసెట్లు నవంబరు 8న పాడైతే శాఖ పరిశీలించాలి, గుత్తేదారుకు నోటీసివ్వాలి, పై అధికారి అనుమతి తీసుకోవాలి, అప్పుడు గానీ బ్యాంకుకు లేఖ వెళ్లదు. ఇదంతా రెండు రోజుల్లో తెమిలే పని కాదు. అందుకే మూడు నెలల క్లెయిమ్ వ్యవధి. ఈ లెక్కన క్లెయిమ్ ఆఖరి తేదీ 2027 ఫిబ్రవరి 10 కావాలి. డ్రాఫ్ట్‌లో మాత్రం రెండు తేదీలూ ఒకటే. క్లెయిమ్ ‘గ్యారంటీ ముగిసే తేదీలోగా’ అందాలని ఉంది. చూపులకు చిన్న తేడా. ఆచరణలో అది చివరి రోజుల్లో జరిగే తప్పులన్నిటికీ గ్యారంటీ లేకుండా చేస్తుంది.

క్లెయిమ్ పంపితే చాలునా, బ్యాంకుకు చేరాలా అన్నది కూడా డ్రాఫ్టే చెప్పాలి. ‘మాకు అందాలి’ అని ఉంటే ఆఖరి రోజు సాయంత్రం పోస్టు చేసిన లేఖ పనికిరాదు. ఏ శాఖకు అందాలన్నదీ రాసి ఉండాలి. గ్యారంటీలు ఇప్పుడు చాలా చోట్ల స్థానిక బ్రాంచిలో కాకుండా వేరే నగరంలోని కేంద్రంలో తయారవుతున్నాయి. క్లెయిమ్ లేఖ ఆ దూరపు కేంద్రానికే చేరాలా, ఊళ్లో ఉన్న బ్రాంచిలో ఇచ్చినా సరిపోతుందా అన్నది ముందే తేల్చుకోవాలి. లబ్ధిదారు ఉన్న ఊళ్లోనే క్లెయిమ్ తీసుకునే బ్రాంచి పేరు, చిరునామా వేయమని కోరడంలో తప్పేమీ లేదు.

క్లెయిమ్ వ్యవధి చుట్టూ ఒక పెద్ద వివాదమే నడిచింది. కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం, కోర్టుకు వెళ్లే హక్కును గడువు పెట్టి హరించే ఒప్పందం చెల్లదు. 1997లో చేసిన సవరణ దీన్ని ఇంకా బిగించింది. దాంతో గ్యారంటీలో ఏం రాసుకున్నా, కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువంతా బ్యాంకు మీద బాధ్యత వేలాడుతుందన్న భయం బ్యాంకులకు పట్టుకుంది. ప్రభుత్వం దావా వేయడానికి ఆ గడువు ఏకంగా 30 ఏళ్లు. ఈ భయం తీర్చడానికి 2013లో 28వ సెక్షన్‌కు మూడో మినహాయింపు చేర్చారు. గ్యారంటీలో కనీసం ఏడాది వ్యవధి ఇస్తే, అది గడిచాక బ్యాంకు బాధ్యత తీరిపోతుందని రాసుకోవచ్చన్నది దాని సారం. బ్యాంకులు దీన్ని మరోలా అన్వయించుకుని, ప్రతి గ్యారంటీలో కనీసం 12 నెలల క్లెయిమ్ వ్యవధి ఉండి తీరాలని పట్టుబట్టాయి.

గుత్తేదార్లకు ఇది ఖర్చు. క్లెయిమ్ వ్యవధి ముగిసేదాకా బ్యాంకు కమిషన్ తీసుకుంటుంది, మార్జిన్ కింద పెట్టుకున్న డిపాజిట్‌నూ వదలదు. పై ఉదాహరణలో కమిషన్ ఏడాదికి ఒకటిన్నర శాతం అనుకుంటే రూ.9,32,000 మీద ఏడాదికి 13,980 రూపాయలు. క్లెయిమ్ వ్యవధిని 3 నెలల నుంచి 12 నెలలకు పెంచితే అదనంగా 9 నెలలకు 10,485 రూపాయలు, పైన జీఎస్టీ. మార్జిన్ 25 శాతం అయితే 2,33,000 రూపాయలు ఆ తొమ్మిది నెలలూ ఇరుక్కుపోతాయి. ఒక గ్యారంటీకి ఇది పెద్ద సంగతిలా కనిపించకపోవచ్చు. ఒకేసారి పది పనులు నడిపే సంస్థకు బరువే.

లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ ఈ పట్టుదల మీదే పంజాబ్ నేషనల్ బ్యాంకును ఢిల్లీ హైకోర్టుకు లాగింది. 2021 జులైలో కోర్టు తీర్పు చెప్పింది. మూడో మినహాయింపు చెప్పే ఏడాది, బ్యాంకు చెల్లించనప్పుడు లబ్ధిదారు కోర్టుకో ట్రిబ్యునల్‌కో వెళ్లడానికి ఉండే వ్యవధి గురించి. బ్యాంకు దగ్గర క్లెయిమ్ దాఖలు చేసే వ్యవధికి దానితో సంబంధం లేదు. కాబట్టి 12 నెలల క్లెయిమ్ వ్యవధి చట్టరీత్యా తప్పనిసరి కాదు అని తేల్చింది. డ్రాఫ్ట్ చదివేవారికి దీని వల్ల ఒరిగేది ఒక స్పష్టత. కాగితంలో మూడు వేర్వేరు కాలాలు ఉండవచ్చు: తప్పు జరిగే కాలం, క్లెయిమ్ చేసే కాలం, దావా వేసే కాలం. టెండరులో మూడు నెలల క్లెయిమ్ వ్యవధే అడిగితే, బ్యాంకు ఏడాది వేస్తానన్నప్పుడు దరఖాస్తుదారు ఆ తీర్పును చూపించి మాట్లాడవచ్చు. ‘ఆరు నెలల్లో దావా వేయకపోతే మీ హక్కులన్నీ రద్దు’ అన్న వాక్యం చివరి పేరాలో కనిపిస్తే లబ్ధిదారు దాన్ని కొట్టేయమనాలి, ఎందుకంటే ఆ వ్యవధి చట్టం చెప్పిన ఏడాది కంటే తక్కువ.

మిగిలింది లబ్ధిదారు పేరు. నలుగురు చదివే కాగితంలో నలుగురూ చూసీ చూడకుండా వదిలేసేది ఇదే. పై డ్రాఫ్ట్‌లో గ్యారంటీ సూపరింటెండింగ్ ఇంజనీరు పేరున ఉంది. ఒప్పందం మీద సంతకం పెట్టింది మాత్రం గవర్నరు తరఫున ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. సంస్థ పాత పనికిచ్చిన గ్యారంటీని నకలు తీసి డ్రాఫ్ట్‌కు వాడటం వల్ల వచ్చిన పొరపాటు అది. ఒకే శాఖ కదా, ఎవరైతేనేం అనిపించవచ్చు. సుప్రీంకోర్టు అలా అనుకోలేదు. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీకీ బిహార్ ప్రభుత్వానికీ మధ్య ఒక ఆనకట్ట పని గురించి నడిచిన కేసులో 1999లో తీర్పు వచ్చింది. అక్కడ గ్యారంటీ చీఫ్ ఇంజనీరుకు ఇచ్చారు. సొమ్ము చెల్లించమని బ్యాంకుకు రాసింది ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. చీఫ్ ఇంజనీరు అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కూడా అని గ్యారంటీలో ఎక్కడా లేదు. కాబట్టి చీఫ్ ఇంజనీరు తప్ప మరెవరూ దాన్ని అమలు చేయమని అడగలేరని కోర్టు చెప్పింది. అదే గ్యారంటీలో చెల్లింపును కాంట్రాక్టులోని ఒక క్లాజుకు ముడిపెట్టడం వల్ల అది షరతులు లేని గ్యారంటీ కాకుండా పోయిందని కూడా కోర్టు తేల్చింది. అందుకే ‘అడిగిన వెంటనే, అభ్యంతరం లేకుండా చెల్లిస్తాం’ అన్న వాక్యం తర్వాత ‘గుత్తేదారు బాధ్యత నెరవేర్చలేదని రుజువైతే’ వంటి తోక ఎక్కడైనా ఉందేమో లబ్ధిదారు చూసుకోవాలి.

ప్రభుత్వ ఒప్పందాలు రాజ్యాంగం 299వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి లేదా గవర్నరు పేరున జరుగుతాయి. కాబట్టి లబ్ధిదారు స్థానంలో గవర్నరు, ఆయన తరఫున ఫలానా హోదా అధికారి, ఆ హోదాలో తర్వాత వచ్చేవారు, అధికారం పొందిన ఇతర అధికారి అని ఉండటం మంచిది. అధికారి సొంత పేరు ఉండకూడదు. ఆయన బదిలీ అయితే కాగితం చిక్కులో పడుతుంది.

కంపెనీల విషయంలో పొట్టి పేర్లు పెద్ద ప్రమాదం. ‘ఏపీసీపీడీసీఎల్’ అన్న అక్షరాలే తీసుకుంటే, 2014కు ముందు అది హైదరాబాదు కేంద్రంగా ఉన్న సెంట్రల్ పవర్ డిస్ట్రిబ్యూషన్ కంపెనీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ లిమిటెడ్. రాష్ట్ర విభజన తర్వాత ఆ కంపెనీ తెలంగాణ దక్షిణ డిస్కంగా, అంటే టీఎస్ఎస్‌పీడీసీఎల్‌గా మారింది. 2024లో టీఎస్ కాస్తా టీజీ అయి, పేరు టీజీఎస్‌పీడీసీఎల్ అయింది. అటు ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలకు విజయవాడ కేంద్రంగా ఆ తర్వాత ఏర్పడిన కొత్త సంస్థ ఆంధ్రప్రదేశ్ సెంట్రల్ పవర్ డిస్ట్రిబ్యూషన్ కార్పొరేషన్ లిమిటెడ్. దాని పొట్టి పేరూ ఏపీసీపీడీసీఎల్లే. పాత గ్యారంటీని నమూనాగా పెట్టుకుని పొట్టి పేరుతో కొత్తది రాస్తే, కాగితం ఏ కంపెనీకి ఇచ్చినట్టో చెప్పడానికి న్యాయవాది కావాల్సి వస్తుంది. రిజిస్టర్డ్ పేరు పూర్తిగా, ‘లిమిటెడ్’తో సహా, రిజిస్టర్డ్ చిరునామాతో రాయాలి. దాని వెంట ‘వారసులు, బదలాయింపు పొందినవారు’ అన్న మాట ఉంటే పేరు మారినా, సంస్థ విడిపోయినా గ్యారంటీ ఆ వెంట వెళ్తుంది.

డ్రాఫ్ట్ ఖరారై గ్యారంటీ జారీ అయ్యాక లబ్ధిదారు చేయాల్సిన సరిచూపు ఇంకొకటి ఉంది. జారీ చేసిన బ్యాంకు లబ్ధిదారు బ్యాంకుకు ఎస్‌ఎఫ్‌ఎంఎస్ ద్వారా ధ్రువీకరణ సందేశం పంపుతుంది. దానికోసం లబ్ధిదారు బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌ను డ్రాఫ్ట్ దశలోనే ఇవ్వాలి. ఆ సందేశంలోని మొత్తం, రెండు తేదీలు, లబ్ధిదారు పేరు చేతిలోని కాగితంతో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. నకిలీ గ్యారంటీలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే.

పని ఆలస్యమైతే కథ మళ్లీ మొదటికొస్తుంది. పంపుసెట్ల పనికి మూడు నెలల గడువు పెంచారనుకుంటే లోపాల బాధ్యత, 60 రోజులు, క్లెయిమ్ వ్యవధి అన్నీ ముందుకు జరుగుతాయి. బ్యాంకు ఇచ్చే పొడిగింపు సవరణలో చాలాసార్లు ఒక్క వాక్యమే ఉంటుంది: గ్యారంటీ చెల్లుబాటును 2027 ఫిబ్రవరి 10 వరకు పొడిగించాం, మిగతా షరతుల్లో మార్పు లేదు. ఆ ‘మిగతా షరతుల్లో’ పాత క్లెయిమ్ తేదీ కూడా ఉంది. అది కూడా 2027 ఫిబ్రవరి 10వ తేదీయే కాబట్టి మూడు నెలల క్లెయిమ్ వ్యవధి ఈ ఒక్క వాక్యంతో మాయమైపోతుంది. పొడిగింపు పత్రంలో రెండు తేదీలనూ విడివిడిగా రాయించుకోవాలి.